మెయిల్ ఎక్కడ ఆపాలి, ఫోన్ ఎప్పుడు చేయాలి

సున్నితమైన విషయం మెయిల్లో మొదలైనప్పుడు దాన్ని ఏ దశలో ఫోన్‌కి మార్చాలి? ఆఫీసుల్లో దీనికి రెండు జవాబులు వినిపిస్తాయి. ఏదైనా రాతలోనే ఉండాలని కొందరంటారు. గొడవయ్యేలా ఉంటే వెంటనే ఫోన్ చేసెయ్యాలని మరికొందరంటారు. మొదటి మాట విన్నవాళ్ళు నెలల తరబడి మెయిళ్ళు రాసుకుంటూ దూరమైపోతారు. రెండో మాట విన్నవాళ్ళు ఫోన్లో ఒప్పుకున్నదేమిటో మర్నాటికి ఒకరికొకరు చెప్పుకోలేక మళ్ళీ మొదటికొస్తారు. ఈ ప్రశ్న మీద నలభై ఏళ్ళుగా చెప్పుకోదగ్గ పరిశోధన జరిగింది. అందులో నిలబడినవి కొన్ని, సవరించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటన్నిటినీ దగ్గర పెట్టుకుని, పత్రికల వాళ్ళకి రోజూ ఎదురయ్యే ఒక సందర్భం మీద పరీక్షించి చూడటం ఈ వ్యాసం పని. ఆ సందర్భం, రచయితకీ సంపాదకుడికీ మధ్య ఒక పేరా తీసేయడం గురించి వచ్చే పేచీ.

ముందు సిద్ధాంతం సంగతి. రిచర్డ్ డాఫ్ట్, రాబర్ట్ లెంగెల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1986లో ప్రచురించిన వ్యాసం ఈ చర్చకి పునాది. సంస్థల్లో మనుషులకి తెలియకపోవడం రెండు రకాలుగా ఉంటుందని వాళ్ళు విడదీశారు. ఒకటి, సమాచారం లేకపోవడం. "పారితోషికం ఎప్పుడు వేస్తారు?" అని రచయిత అడిగితే జవాబు ఒక తేదీ. ఆ తేదీ రాసేస్తే విషయం అయిపోతుంది. రెండోది, సమాచారం ఉన్నా దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో తెలియకపోవడం. "ఈ భాగం మా పత్రికకి నప్పదేమో" అని సంపాదకుడు రాస్తే అందులో తెలియని సంగతంటూ ఏమీ లేదు, కానీ దానికి నాలుగు అర్థాలు ఉండొచ్చు. భాష బాగాలేదా, విషయం నచ్చలేదా, ఎవరికైనా భయపడుతున్నారా, అసలు నా రచనే అక్కర్లేదా? మొదటి రకానికి కాగితం చాలు, రెండో రకానికి మనిషి గొంతు గానీ ముఖం గానీ కావాలని డాఫ్ట్, లెంగెల్ చెప్పారు.

ఈ విభజన ఇప్పటికీ పనికొస్తుంది. దాని ఆధారంగా వాళ్ళు వేసిన అంచనా మాత్రం పూర్తిగా నిలబడలేదు. లిన్ మార్కస్ 1994లో ప్రచురించిన పరిశీలనలో, మెయిల్ సరిపోదని సిద్ధాంతం చెప్పే విషయాలకి కూడా మేనేజర్లు మెయిలే వాడుతున్నట్టు తేలింది. చేతకాక కాదు, కావాలనే అలా వాడారు. ఎదురుపడి మాట్లాడటం ఇబ్బందిగా ఉండే చోట మెయిల్ ఒక చాటు ఇస్తుంది. ఈ చాటుని తప్పుపట్టక్కర్లేదు. ఆలోచించుకోవడానికి సమయం కావాలనుకునేవాళ్ళకి అది నిజమైన సౌకర్యమే. 2008లో ఎలన్ డెన్నిస్, రాబర్ట్ ఫుల్లర్, జోసెఫ్ వలాసిచ్ కలిసి ఈ చర్చని ఇంకో మెట్టు ముందుకు తీసుకెళ్ళారు. ఏ పనిలోనైనా రెండు దశలుంటాయన్నారు. సంగతులు ఒకరి నుంచి మరొకరికి చేరవేయడం ఒకటి, వాటి అర్థం మీద ఇద్దరూ ఒక మాటకి రావడం మరొకటి. చేరవేయడానికి రాత మేలు, ఎందుకంటే అవతలివాళ్ళు తీరిగ్గా చదువుకుంటారు. ఒక మాటకి రావడానికి అప్పటికప్పుడు మాటామాటా అనుకునే వీలుండటం మేలు. అంటే "మెయిలా, ఫోనా" అని అడగడం కన్నా "ఇప్పుడు మనం ఏ దశలో ఉన్నాం" అని అడగడం సరైన పద్ధతి. నా దృష్టిలో ఈ మొత్తం సాహిత్యంలో అన్నిటికన్నా పనికొచ్చే మాట ఇదే.

ఇక మెయిల్లో స్వరం ఎందుకు పోతుందన్న విషయం. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం 2005లో చేసిన ప్రయోగం చాలామందికి తెలిసిందే. కొన్ని వాక్యాలు వెటకారంగా, కొన్ని మామూలుగా పంపమన్నారు. అవతలివాళ్ళు తేడా పట్టుకోగలరా అని పంపినవాళ్ళని ముందే అడిగారు. మెయిల్ పంపినవాళ్ళు 78 శాతం సార్లు పట్టుకుంటారని అంచనా వేశారు. నిజానికి పట్టుకున్నది 56 శాతమే, బొమ్మా బొరుసూ వేసి చెప్పినా దాదాపు సగం సరిపోతుంది కదా. గొంతుతో చెప్పినప్పుడు 73 శాతం దాకా పట్టుకున్నారు. ఇక్కడ గమనించాల్సింది పొరపాటు జరగడం కాదు, జరుగుతోందని రాసేవాళ్ళకి తెలియకపోవడం. మన వాక్యం మనం చదువుకునేటప్పుడు మన గొంతు మనకి వినిపిస్తూనే ఉంటుంది. అవతలివాళ్ళకి అక్షరాలే అందుతాయి. క్రిస్టిన్ బైరన్ 2008లో రాసిన వ్యాసం దీనికి ఒక దిశ చూపించింది. మెయిల్లో సంతోషంగా రాసింది మామూలుగా, మామూలుగా రాసింది కటువుగా అనిపించే అవకాశం ఎక్కువని ఆమె వాదన. అందుకే సంపాదకుడు రాసిన రెండు ముక్తసరి వాక్యాలు రచయితకి చీవాట్లలా తోస్తాయి.

తెలుగులో ఈ ఇబ్బంది ఇంకాస్త ఎక్కువే. "చూద్దాం", "సరే", "మీ ఇష్టం" అన్న మాటల్ని మనం గొంతుతోనే విడదీసుకుంటాం. "మీ ఇష్టం" అన్నది నిండు మనసుతో ఇచ్చిన అనుమతి కావచ్చు, మనసు నొచ్చుకుని చేతులెత్తేయడమూ కావచ్చు. ఎదుటివాళ్ళ మెయిల్లో ఈ మాట కనిపించి, అది రెండిట్లో ఏదో తేల్చుకోలేకపోతే ఇక అక్కడ రాయడం ఆపి మాట్లాడాలి.

శిక్షణ తరగతుల్లో తరచూ వినిపించే ఒక లెక్కని ఇక్కడే పక్కన పెట్టాలి. సంభాషణలో మాటల వాటా 7 శాతమే, తక్కిన 93 శాతం గొంతు, ముఖ కవళికలదే అంటారు. ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో ప్రచురించిన ప్రయోగాల నుంచి వచ్చిన లెక్క అది. ఆ ప్రయోగాలు విడి విడి మాటలతో, ఇష్టాయిష్టాల గురించి చేసినవి. ఒప్పందాలకో, వ్యాసం మీద అభిప్రాయాలకో ఆ లెక్కని అంటగట్టడం న్యాయం కాదు. మాట్లాడటం మేలని నిరూపించడానికి అంత దూరం పోనక్కర్లేదు.

ఇప్పుడు మన సందర్భానికి వద్దాం. హైదరాబాదులో ఒక పత్రిక సంపాదకుడు, న్యూజెర్సీలో ఉండే ఒక పెద్ద వయసు రచయిత్రి. ఆవిడ గుంటూరు జిల్లాలోని తన ఊరి గురించి జ్ఞాపకాల వ్యాసం పంపారు. అందులో పెద్దమ్మ గారి వాటా పొలం అన్నదమ్ములు ఎలా రాయించుకున్నారో చెప్పే పేరా ఉంది. ఊరి పేరు, ఒకాయన చేసిన ఉద్యోగం కూడా ఉన్నాయి కాబట్టి ఆ కుటుంబాన్ని తెలిసినవాళ్ళు ఇట్టే పోల్చుకోగలరు. సంపాదకుడు ఇలా రాశారు: "మేడమ్, వ్యాసం చాలా బాగుంది. నాలుగో పేజీలో ఆస్తి పంపకం గురించిన పేరా తీసేస్తే బాగుంటుందేమో. స్థలాభావం కూడా ఉంది." ఆవిడ జవాబు: "ఆ పేరా కోసమే ఈ వ్యాసం రాశాను. అయినా పత్రిక మీది. మీ ఇష్టం."

ఇక్కడ ఆయన ఆగి ఉండాల్సింది. అలా కాక, మర్యాదగా ఒప్పిద్దామని పెద్ద మెయిల్ రాశారు. చట్టపరమైన ఇబ్బంది రావొచ్చన్నారు. వ్యాసం పేజీన్నర ఎక్కువైందన్నారు. ఈ సంచికలో ఇంకో జ్ఞాపకాల వ్యాసం ఉందన్నారు. ప్రెస్సుకి శుక్రవారం వెళ్ళాలన్నారు. చివర్లో, కొన్ని చోట్ల ఒత్తులు సరిచేశామన్నారు. ఆవిడ వీటిలో ఒక్కదానికే జవాబిచ్చారు: "నాకు ఒత్తులు రావని ఇంతవరకూ ఎవరూ అనలేదు."

ఇలా ఎందుకు జరుగుతుందో రే ఫ్రీడ్‌మన్, స్టీవెన్ కరాల్ 2003లో విడమరిచి రాశారు. మెయిల్లో మధ్యలో ఆపేవాళ్ళుండరు కాబట్టి వాదనలన్నీ ఒకే మూటగా కట్టి పంపేస్తాం. చదివేవాళ్ళు ఆ మూటలో అన్నిటికన్నా బలహీనమైనదాన్నో, ఎక్కువ గుచ్చుకున్నదాన్నో పట్టుకుంటారు. పైగా మెయిల్ కళ్ళముందే ఉంటుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ చదువుకుంటారు, చదివినకొద్దీ నొప్పి పెరుగుతుంది. ఫోన్లో అయితే ఒత్తుల మాట ఎత్తగానే అవతల ఒక క్షణం నిశ్శబ్దం వచ్చేది. ఆయన అక్కడే "అయ్యో, అది టైపింగులో వచ్చింది లెండి" అని సర్దుకునేవారు.

మన ఉదాహరణలో ఇంకో సూక్ష్మం ఉంది. సంపాదకుడి అసలు కారణం ఒక్కటే, ఆ కుటుంబం ఎవరో తెలిసిపోతుందన్న భయం. అది నేరుగా రాస్తే పెద్దావిడ నొచ్చుకుంటారని స్థలాభావాన్ని అడ్డం పెట్టారు. మెయిల్లో మర్యాద కోసం చెప్పే రెండో కారణం చాలాసార్లు మొదటి కారణాన్ని మింగేస్తుంది. ఆవిడ తన మనసులో వేసుకున్న లెక్క వేరు. ఆడవాళ్ళు ఆస్తి మాట ఎత్తితే ఈ పత్రికకి నచ్చదన్నమాట, అనుకున్నారు. ఇద్దరి దగ్గరా సమాచారం పూర్తిగానే ఉంది. అర్థం దగ్గరే విడిపోయారు.

కాబట్టి మారాల్సిన సమయం ఎలా తెలుస్తుంది? కోపం కనిపించేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. అంతకన్నా ముందే వచ్చే గుర్తులు ఉన్నాయి. అడిగిన ప్రశ్నకి కాక, అడిగిన తీరుకి జవాబు వస్తే అది మొదటి గుర్తు. మన వాక్యాన్ని కొటేషన్లలో పెట్టి తిప్పి పంపడం రెండోది. అప్పటిదాకా లేని పేరు సీసీలోకి రావడం మూడోది, ఆఫీసుల్లో అన్నిటికన్నా స్పష్టమైనది కూడా ఇదే. మనవైపు కనిపించే గుర్తు ఒకటుంది. ఒకే మెయిల్‌ని రాసి, చెరిపి, మళ్ళీ రాసి, పంపేముందు ఇంకొకరికి చూపించి "ఇది కటువుగా ఉందా?" అని అడుగుతున్నామంటే ఆ విషయం రాతలో ఇమడటం లేదన్నమాట.

అయితే ఏ సున్నితమైన విషయాన్నైనా ఫోన్‌కి మార్చొచ్చని దీనర్థం కాదు. కొన్ని విషయాలు రాతలో ఉండటమే బలహీనుడికి రక్షణ. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ప్రకారం ఫిర్యాదు రాతపూర్వకంగానే ఇవ్వాలి, సంఘటన జరిగిన మూడు నెలల లోపు. కారణం సబబుగా ఉంటే కమిటీ ఇంకో మూడు నెలల దాకా గడువు పెంచొచ్చు. రాయలేని స్థితిలో ఉంటే రాయడానికి సాయం చేయాల్సింది కూడా కమిటీ వాళ్ళే. ఇలాంటి విషయంలో పై అధికారి "మెయిల్ ఎందుకమ్మా, ఒకసారి మాట్లాడుకుందాం" అంటే ఆ మాట ఎంత మెత్తగా ఉన్నా ఒప్పుకోనక్కర్లేదు. రావాల్సిన డబ్బు, జీతం కోత, రాజీనామా తేదీ, ఇచ్చిన హామీ వంటివీ ఇంతే. మాట్లాడినా సరే, చివరి మాట రాతలో ఉండాలి. మన దేశంలో 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఎలక్ట్రానిక్ రికార్డులకి చట్టబద్ధమైన గుర్తింపు ఇచ్చింది, కాబట్టి మెయిల్ విలువ కాగితం విలువ కన్నా తక్కువేం కాదు.

ఇంకో పరిమితి రోడరిక్ స్వాబ్ బృందం 2012లో గత అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినప్పుడు బయటపడింది. ఇద్దరి మధ్య స్నేహమూ లేదు, వైరమూ లేదన్న స్థితిలో గొంతు వినిపించడం, ముఖం కనిపించడం మేలు చేస్తాయి. ఇద్దరూ కలిసి పనిచేద్దామనే ఉంటే మాధ్యమం ఏదైనా పెద్ద తేడా ఉండదు. అప్పటికే ఒకరంటే ఒకరికి పడకపోతే మాత్రం ఎదురెదురుగా మాట్లాడుకోవడం కీడే చేయొచ్చు. అంటే ఫోన్ చేయాల్సిన సమయం మధ్యలో ఉంటుంది, అపార్థం మొదలయ్యాక, పంతం ముదరకముందు. మన సంపాదకుడికి ఆ సమయం "మీ ఇష్టం" అన్న మెయిల్ దగ్గర వచ్చింది. ఒత్తుల దగ్గర కూడా ఇంకా మిగిలే ఉంది. ఆయన సీసీలో యజమానిని పెట్టి ఉంటే బహుశా దాటిపోయేది.

మరి ప్రతిపాదించడం ఎలా? మన దగ్గర అలవాటుగా రాసేది "మేడమ్, మీతో ఒకసారి మాట్లాడాలి. వీలు చూసుకుని ఫోన్ చేయగలరు." మర్యాదగానే ఉంది, కానీ చదివినవాళ్ళకి నిద్ర పట్టదు. దేని గురించో తెలియదు, ఎంత సేపో తెలియదు, నిర్ణయం అయిపోయిందో లేదో తెలియదు. పైవాళ్ళు కిందివాళ్ళకి ఈ వాక్యం పంపితే ఉద్యోగం పోతోందేమో అనుకుంటారు. చెప్పకుండా ఫోన్ చేసేయడం ఇంకా అన్యాయం. మనం సిద్ధమై ఉంటాం, వాళ్ళు బస్సులోనో, వంటింట్లోనో ఉంటారు.

సంపాదకుడు రాయాల్సిన మెయిల్ ఇలా ఉండొచ్చు:

"మేడమ్, నమస్కారం. ఆ పేరా గురించి నేను రాసిన పద్ధతి వల్ల మీకు నొప్పి కలిగినట్టుంది, మన్నించండి. ఒత్తుల ప్రస్తావన అనవసరంగా తెచ్చాను. స్థలాభావం అసలు కారణం కాదు. ఊరి పేరు, ఉద్యోగం ఉండటం వల్ల ఆ కుటుంబాన్ని గుర్తుపడతారన్నదే నా భయం. పేరా ఉంచుతూనే దీనికి దారి ఉందేమో మీతో మాట్లాడి తెలుసుకోవాలని ఉంది. ఇంకా ఏ నిర్ణయమూ తీసుకోలేదు, మాట్లాడేదాకా తీసుకోను కూడా. పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. మా బుధవారం గానీ గురువారం గానీ సాయంత్రం ఏడున్నరకి, అంటే అదే రోజు మీకు ఉదయం పదింటికి, వీలవుతుందా? ఫోన్ కన్నా రాతలోనే మీకు సౌకర్యమనుకుంటే అలాగే చేద్దాం. ఏం మాట్లాడుకున్నామో నేను రాసి పంపిస్తాను, మీరు చూసి సరే అన్నాకే ప్రెస్సుకి ఇస్తాను."

ఈ మెయిల్లో మర్యాద "నమస్కారం", "మన్నించండి" అన్న మాటల్లోనే లేదు. విషయం ముందే చెప్పడం మొదటి మర్యాద, దాంతో ఆవిడ కూడా ఆలోచించుకుని వస్తారు. నిర్ణయం తీసుకోలేదని చెప్పడం రెండోది. అది నిజమైతేనే రాయాలి. ముందే తేల్చేసుకుని, ఒప్పించడానికి మాత్రమే ఫోన్ అడిగితే అవతలివాళ్ళకి మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది, ఆ తర్వాత మన మెయిళ్ళనీ నమ్మరు. కాదనే దారి తెరిచి ఉంచడం మూడోది. వినికిడి తగ్గినవాళ్ళు, నత్తి ఉన్నవాళ్ళు, ఇంట్లో ఏకాంతంగా మాట్లాడే చోటు లేనివాళ్ళు తమ కారణం చెప్పుకోవాల్సిన అవసరం లేకుండానే వద్దనగలగాలి. సమయం ఆవిడ గడియారంలో చెప్పడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ అక్కడే చాలా కాల్స్ తప్పిపోతాయి. మన సమయం న్యూజెర్సీ కన్నా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు ముందుంటుంది. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు మారుతాయి. ఆ వారాల్లో పాత లెక్కతో రాస్తే ఒక గంట తేడా వస్తుంది.

చిన్నవాళ్ళు పెద్దవాళ్ళని అడగాల్సి వచ్చినప్పుడు "మీరు మెయిల్లో చెప్పింది నాకు పూర్తిగా అర్థమైందో లేదో అనుమానంగా ఉంది సార్, పది నిమిషాలు ఇస్తే అడిగి తెలుసుకుంటాను" అంటే చాలు. లోపం నాదేనని తల వంచడం కాదిది. అర్థం దగ్గర ఆగిపోయామన్న నిజాన్ని ఎవరి మీదా నెట్టకుండా చెప్పడం. సీసీలో నలుగురుంటే ఈ ఒక్క మెయిల్ మాత్రం ఆ వ్యక్తికే పంపాలి. అందరి ముందూ "ఫోన్లో మాట్లాడదాం" అంటే మందలింపులా ఉంటుంది.

ఇంత చెప్పినా చాలామంది ఫోన్ దగ్గర వెనకాడతారు, ఇబ్బందిగా ఉంటుందని. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2021లో చూపించింది సరిగ్గా దీని గురించే. పాత స్నేహితులతో మళ్ళీ మాట కలపమంటే, ఫోన్ ఇబ్బందిగా ఉంటుందని జనం ముందుగా భయపడ్డారు. నిజంగా మాట్లాడాక మెయిల్ రాసినవాళ్ళ కన్నా ఎక్కువ దగ్గరయ్యామనుకున్నారు, ఇబ్బంది మాత్రం ఎక్కువ కాలేదు. అది స్నేహితుల సంగతి, పేచీల సంగతి కాదని గుర్తుంచుకోవాలి. పేచీకి దగ్గరగా ఉన్నది మైకేల్ మోరిస్ బృందం 2002లో చేసిన ప్రయోగం. మెయిల్లో బేరం మొదలుపెట్టే ముందు ఫోన్లో కాసేపు పిచ్చాపాటీ మాట్లాడుకున్నవాళ్ళు, మాట్లాడుకోనివాళ్ళ కన్నా బాగా కుదుర్చుకున్నారు. కొత్త రచయితకి మొదటి ఉత్తరంతోపాటు ఒక చిన్న ఫోన్ కూడా చేసే సంపాదకులకి ఈ సంగతి అనుభవంలో తెలుసు.

మన రచయిత్రి గురువారం మాట్లాడారనుకుందాం. సంపాదకుడు ముందు తన వాదన చెప్పకుండా "ఆ పేరా మీకు ఎందుకంత ముఖ్యమో చెప్పండి మేడమ్" అని అడిగి వింటే, ఆవిడకి కావాల్సింది పెద్దమ్మకి జరిగింది అచ్చులో నిలవడమే తప్ప, ఎవరినీ బజారుకి ఈడ్వడం కాదని తెలుస్తుంది. ఊరి పేరు తీసేసి "మా పక్క ఊరు" అనడానికీ, ఉద్యోగం మార్చడానికీ ఆవిడకి అభ్యంతరం ఉండదు. పేరా ఉంటుంది. ఆ సాయంత్రమే ఆయన రాయాల్సిన మెయిల్ పొట్టిది: "మనం అనుకున్నట్టు, పేరా పూర్తిగా ఉంటుంది. ఊరి పేరు, ఆయన ఉద్యోగం మారుతాయి. మార్చిన ప్రూఫ్ జతచేశాను. నేను ఏదైనా పొరపాటుగా అర్థం చేసుకుంటే సరిచేయండి." చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. ఫోన్లో కుదిరిన అర్థం ఇద్దరిదీ, రాసింది ఒక్కరే కాబట్టి. కాల్‌ని రికార్డు చేయాలనుకుంటే ముందే అడగాలి. ఈ మెయిల్ ఉంటే సాధారణంగా ఆ అవసరం రాదు.

ఆవిడ ఫోన్ వద్దంటే? అప్పుడూ దారి మూసుకుపోలేదు, మెయిల్ రాసే పద్ధతి మారాలి. ఒక మెయిల్లో ఒకే విషయం పెట్టాలి. వాదనల మూట విప్పేసి, అసలు కారణం ఒక్కటే రాసి, చివర ఒకే ప్రశ్న అడగాలి: "ఊరి పేరు మారిస్తే మీకు అభ్యంతరమా?" ఆవిడ జవాబు వచ్చేదాకా రెండో మెయిల్ పంపకూడదు. ప్రెస్సు శుక్రవారమైతే వ్యాసాన్ని తర్వాతి సంచికకి మార్చి, ఆ మాట కూడా ఆవిడకి చెప్పాలి.